నాయనకు, మామిడాకు ఫోటో పంపే పద్ధతి

నాయనా, ఎట్లుండావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మేము ఇక్కడ బాగుండాము, చలి మాత్రం బాగా ఉంది.

నిన్న ఫోన్లో చెప్తావుంటివే, తోతాపురి చెట్లలో ఆకులు నల్లగా అయిపోతా ఉండాయని, అది నా మనసులోనే తిరగతా ఉంది. పూత టైము కదా, ఇప్పుడు పోతే ఏడాదంతా పోతాది. నువ్వు పొద్దున ఏడింటికి తోటలో ఉంటే ఇక్కడ జర్మనీలో రాత్రి రెండున్నర, నేను పక్కనుండి చెప్పలేను, అందుకే ఆకు ఫోటో తీసి, అడిగినదానికి జవాబు చెప్పే గూగుల్ వాళ్ళ Gemini యాప్‌ని అడిగేది ఎట్లనో అంతా రాసి పంపిస్తా ఉండా. దీన్ని చిన్నాయన కొడుకు దగ్గర ప్రింట్ తీయించి జేబులో పెట్టుకో, ఎందుకంటే ఫోన్లోనే చదువుకుంటా ఫోన్లోనే ఫోటో తీయడం కష్టం.

ముందు ఫోన్ వెనకాల కెమెరా అద్దం టవల్‌తో తుడువు, దుమ్ము ఉంటే ఎంత మంచి ఫోన్ అయినా మసగ్గానే వస్తాది. ఎండ నడినెత్తికి రాకముందే పో. నల్లగా అయిన ఆకు ఒకటి కోసి తెల్ల కాగితం మీద పెట్టు, జానెడు దూరంలో ఫోన్ పట్టుకో, స్క్రీన్ మీద ఆకు ఉన్న చోట వేలితో ఒక్కసారి తాకు, అప్పుడు ఆకు స్పష్టంగా కనపడతాది. నీ నీడ దాని మీద పడకూడదు. పై పక్క ఒకటి, తిరగేసి అడుగు పక్క ఒకటి, పూత గుత్తి దగ్గర్నుంచి ఒకటి, చెట్టు మొత్తం దూరం నుంచి ఒకటి తీయి. అడుగు పక్క మాత్రం మరిచిపోవద్దు నాయనా, పురుగు ఉంటే చాలాసార్లు ఆడే ఉంటాది.

ఇప్పుడు ఆ Gemini యాప్ తెరువు, దసరాకి వచ్చినప్పుడు వాట్సాప్ పక్కనే పెట్టి వచ్చా కదా, రంగురంగుల నక్షత్రం బొమ్మ అదే. కింద Ask Gemini అని ఒక పెట్టె ఉంటాది, దాంట్లో + గుర్తు నొక్కు. Gallery అని వస్తే అది నొక్కి తీసిన ఫోటోలు ఒక్కొక్కటే తాకు. పెట్టెలో ఫోటోలు చిన్నగా కనపడితే ఎక్కినట్టే. నాకు వాట్సాప్‌లో పంపినవి మళ్ళీ దించి పెట్టొద్దు, వాట్సాప్‌లో పోయేటప్పుడు ఫోటో చిన్నదైపోయి సన్న వివరాలు పోతాయి.

అప్పుడే బాణం నొక్కేయొద్దు, అసలు పని ఇక్కడే ఉంది. ఆ యాప్‌కి ఫోటోలో ఉన్నది తప్ప ఇంకేం తెలీదు, చెట్టు వయసు తెలీదు, నువ్వేం మందు కొట్టినావో తెలీదు, ఆకు పట్టుకుంటే జిగటగా ఉండేది తెలీదు. అవన్నీ నువ్వు చెప్పాల. పెట్టెలో తాకితే అక్షరాల కీబోర్డు వస్తాది, దాని మీదుండే మైక్ బొమ్మ నొక్కి మామూలుగా మాట్లాడు, ఇట్లా:

"మాది చిత్తూరు జిల్లా. ఇరవై ఏళ్ళ తోతాపురి చెట్టు, ఇప్పుడు పూతలో ఉంది. ఆకుల మీద నల్లగా మసి మాదిరి ఉంది, తడి గుడ్డతో తుడిస్తే పోతా ఉంది, చేతికి జిగట. కొమ్మ కదిలిస్తే చిన్న పురుగులు ఎగురుతాయి. మందు ఇంకా ఏమీ కొట్టలేదు. ఇది ఏమై ఉండొచ్చు, ఖాయం చేసుకోవడానికి చెట్టులో ఇంకా ఏం చూడాలి?"

ఇందులో నువ్వు చూడనిది ఉంటే తీసేయి, కళ్ళతో చూసిందే చెప్పు. నువ్వు చెప్పిన మాటలు పెట్టెలో అక్షరాలుగా వస్తాయి, ఒకసారి చదివి బాణం నొక్కు. జవాబు అర్థం కాకపోతే "ఇంకా సులభంగా చెప్పు" అని మళ్ళీ అడుగు, ఎన్నిసార్లు అడిగినా ఏమనుకోదు.

నాకు అనుమానం తేనెమంచు పురుగు అని, అది రసం పీల్చి జిగట వదిలితే దాని మీద మసి తెగులు పెరుగుతాది. కానీ నేను చెప్పినా యాప్ చెప్పినా నేరుగా మందు కొనేయొద్దు. యాప్ ఎంత ధైర్యంగా చెప్పినా తప్పు చెప్పే వీలుంది, మందు పేరు, లీటరుకి ఎంత అనేది దాన్ని నమ్ముకోకూడదు. ఆ జవాబు, ఆ ఆకు రెండూ పట్టుకొని రైతు సేవా కేంద్రానికి పో, లేదా 1800-180-1551కి ఫోన్ చెయ్యి, అది కిసాన్ కాల్ సెంటర్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పూత విచ్చుకున్నాక మందు కొడితే తేనెటీగలు, ఈగలు చస్తాయి, కాయ కట్టేది వాటివల్లే, కాబట్టి తొందరపడి డీలర్ ఇచ్చింది కొట్టేయొద్దు.

ఇంకోటి, పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు కాగితం, ఓటీపీ, ఇవి మాత్రం Geminiలో ఎప్పుడూ పెట్టొద్దు. కొన్ని మాటల్ని మనుషులు కూడా చూసే అవకాశముందని గూగుల్ వాళ్ళే చెప్తా ఉండారు. ఆకు, కాయ, పురుగు ఫోటోలకి ఏమీ భయం లేదు.

వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు, అదెట్లనో తెలీకపోతే జవాబు చదువుతా వాయిస్ మెసేజ్ పెట్టు, నేను నిద్ర లేవగానే వింటా. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తా, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నీ బిడ్డ,
స్వాతి