మంచం పక్క బల్ల మీద ఉంచుకునే డిజిటల్ బీపీ మెషిన్ (జబ్బకు కట్టుకునేది)

ధర: ₹1,850, అన్ని పన్నులతో కలిపి
పెట్టెలో ఉండేవి: మెషిన్, 22 నుంచి 42 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోయే పట్టీ, 4 ఏఏ బ్యాటరీలు, తెలుగులో వాడే విధానం. అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి.

ఈ మెషిన్ బీపీని తగ్గించదు. అలా అనుకుని కొనేవాళ్లు మాకు అప్పుడప్పుడూ తగులుతుంటారు కాబట్టి ముందే చెబుతున్నాం. చూసిన ఆ నిమిషంలో మీ బీపీ ఎంతుందో చూపించడం వరకే దీని పని. మాత్ర మార్చాలా, ఆపాలా, మోతాదు పెంచాలా అన్నది మీ డాక్టరు గారు చెప్పాల్సిన మాట.

ఫొటోలో మెషిన్‌ని మంచం పక్కన చిన్న బల్ల మీద, మాత్రల డబ్బా పక్కనే పెట్టి చూపించాం. కళ్లెదురుగా ఉంటే పొద్దున లేవగానే గుర్తొస్తుంది. బీరువాలో దాచిన మెషిన్‌ని ఎవరూ రోజూ బయటికి తీయరు. అయితే ఆ ఫొటో చూసి పడుకునే చూసుకోవచ్చు అనుకోవద్దు. మంచం అంచున కూర్చున్నా సరిపోదు: వీపుకి ఆనుడు ఉండదు, మంచం ఎత్తైతే కాళ్లు నేలకి ఆనవు. రెండింటి వల్లా అంకె ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. వీపు ఆనే కుర్చీ ఒకటి బల్ల పక్కకి లాక్కోండి. పాదాలు నేల మీద, కాలు మీద కాలు వేయకుండా, చేయి బల్ల మీద. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. బల్ల పొట్టిదైతే మోచేతి కింద దిండు పెట్టుకోండి.

పట్టీని మోచేతి మడతకి సుమారు 2 సెంటీమీటర్ల పైన, చర్మానికి తగిలేలా చుట్టాలి. చొక్కా చేతులు బిగుతుగా పైకి మడిచి కట్టుకోవద్దు. జాకెట్టు చేతులు బిగుతుగా ఉంటే వదులుగా ఉన్న నైటీలో చూసుకోవడం తేలిక. మూత్రానికి వెళ్లొచ్చి, 5 నిమిషాలు ఊరికే కూర్చున్నాక బటన్ నొక్కండి. పట్టీ బిగిసేటప్పుడు మాట్లాడకూడదు, ఫోన్ కూడా ఎత్తొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోండి. కాఫీ, సిగరెట్, బీచ్ రోడ్డు వాకింగ్... వీటి తర్వాత కనీసం అరగంట ఆగాలి.

స్క్రీన్ మీద SYS అంటే పై బీపీ, DIA అంటే కింద బీపీ, PUL అంటే నాడి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టరుకి చూపించాలి. క్లినిక్‌లో ఆ హద్దు సాధారణంగా 140/90. ఒక్క రీడింగ్‌తో ఏదీ తేల్చుకోవద్దు. వారం పాటు పొద్దున మాత్రకి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసి, ఆ కాగితం తీసుకెళ్లండి. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు నిద్ర లేచిన సమయాన్నే పొద్దున కింద రాసుకుని, పక్కన షిఫ్ట్ అని గుర్తు పెట్టండి. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా చూసుకోవడం మాత్రం మానేయండి. టెన్షన్ పెరుగుతుంది, దాంతో అంకే పెరుగుతుంది.

180/120 దాటితే కంగారు పడకుండా కొన్ని నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడడం కనిపిస్తే మాత్రం అంకె ఎంతున్నా, రెండో రీడింగ్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఎవరో చెప్పారని అదనంగా మాత్ర వేసుకోవద్దు.

పట్టీలోని గాలి ఒత్తిడిని కొలవడంలో తేడా 3 పాయింట్ల వరకు ఉండవచ్చని తయారీదారు పేర్కొన్నారు. మీరు కూర్చునే తీరు, పట్టీ సైజు వల్ల వచ్చే తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. గుండె లయ తప్పేవారికి ఇలాంటి మెషిన్ల రీడింగ్ నిలకడగా రాకపోవచ్చు, గర్భిణులకు అన్ని మోడళ్లూ పరీక్షించి ఉండవు. ఈ రెండు సందర్భాల్లో డాక్టరుని అడిగాకే కొనండి.

కొనే ముందు జబ్బ మధ్యలో టేపుతో కొలుచుకోండి. 42 సెంటీమీటర్లు దాటితే ఈ పట్టీ మీకు పనికిరాదు, పెద్దది తెప్పిస్తాం. విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. కొన్నాళ్లు వాడకపోతే బ్యాటరీలు తీసి, మెషిన్‌ని దాని సంచిలో ఉంచండి. ఏడాది వారంటీ ఉంది. గాజువాక నుంచి మధురవాడ వరకు డెలివరీ ఉచితం. ఎంవీపీ కాలనీలోని మా షాపుకి వస్తే మీ చేతికే కట్టి చూపిస్తాం, కొనకపోయినా ఫర్వాలేదు.