శివారు భూముల ఉప్పు నివేదికపై మీ వ్యాఖ్యలకు కృతజ్ఞతలు

మాస్టారూ, నమస్కారమండి.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల శివారు భూముల నివేదిక ముసాయిదాపై మీరు రాసిన వ్యాఖ్యలు రెండుసార్లు చదివాను. “మూడో పట్టిక నమ్మి రైతు దాళ్వా వేస్తే మునిగిపోతాడు” అని పక్కన రాశారు. అంత సూటిగా రాసినందుకే ఏది ముందు సరిచేయాలో వెంటనే తెలిసింది. నివేదిక బయటికి వెళ్లకముందే ఇంత శ్రద్ధగా చూసినందుకు చాలా కృతజ్ఞతలు.

అన్నిటికన్నా విలువైనది ఈసీ, అంటే నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, లెక్క గురించి మీరు చెప్పిందండి. మన అంకెలు ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి తీసినవి. పోల్చిన మీటరుకు 3 డెసీసీమెన్స్ హద్దు మాత్రం వరికి సంతృప్త ముద్ద నుంచి తీసిన ద్రావణానికి చెప్పేది. మన బంకమట్టి ముద్ద కావడానికి బరువులో 60–70 శాతం నీళ్లు చాలు, మనం కలిపింది 250 శాతం. అంటే ఉప్పు దాదాపు నాలుగో వంతుకు పలచబడింది. పట్టికలో 1.1 అని, “సురక్షితం” అని చూపిన పొలం అసలు కొలతలో 4 దాటవచ్చు. హద్దు దాటాక ఒక్కో యూనిట్‌కు వరి దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందన్న లెక్కన అది రైతుకు చిన్న నష్టం కాదు.

ఇందుకు చేస్తున్నది: ప్రతి ఆరు నమూనాల్లో ఒకదాన్ని సంతృప్త ముద్ద పద్ధతిలో మళ్లీ కొలుస్తున్నాం. పై నీరు నిలవకుండా, ముద్ద మెరుస్తూ గరిటె మీద నుంచి జారేదాకా స్వేదనజలం కలిపి, రాత్రంతా ఉంచి, మర్నాడు పంపుతో ద్రావణం లాగుతున్నాం. మొదటి రోజు ముద్ద గట్టిగా ఉందనిపిస్తే మర్నాడు మళ్లీ సరిచూడాలి, బంక ఆలస్యంగా నీరు పీలుస్తుంది కదా. ఈ జంట కొలతలు వచ్చాక మన మట్టికే చెల్లే గుణకం కడతాం. పుస్తకంలోని గుణకం వాడొద్దన్న మీ మాట పాటిస్తున్నాను. “సురక్షితం” అన్న వరుసను అప్పటిదాకా తీసేశాను.

నమూనాలు తీసిన కాలం గురించి కూడా మీరన్నది సరైనదే. సార్వా కోతల వెంటనే తీస్తే వానలకూ కాలువ నీటికీ పైమట్టి కడిగి ఉంటుంది. కాలువలు కట్టేశాక, ఏప్రిల్–మే ఎండల్లో ఉప్పు పైకి లేస్తుంది. అందుకని అవే పొలాల్లో మే రెండో వారంలో మరో విడత తీయాలని ప్రణాళికలో చేర్చాను. మురుగు కాలువల నీటికి పోటు, పాటు సమయాలు రాసుకోవాలన్న సూచనకు పట్టికలో కొత్త గడి పెట్టాం. ఈసీని 25 డిగ్రీలకు సవరించామా అని అడిగారు. సవరించాం, ఆ మాట రాయలేదు, ఇప్పుడు రాశాను.

జిప్సం సిఫారసు తొలగించాను. పీహెచ్, సోడియం వాటా చూడకుండా అందరికీ జిప్సం చెప్పకూడదు. అది క్షారం నేలకు మందు. ఉప్పు పోవాలంటే మంచి నీరు పెట్టి కడగాలి, ఆ నీరు బయటికి పోయే దారి ఉండాలి. మురుగు కాలువ పూడిక తీయకుండా ఏ సిఫారసూ నిలవదని మీరు రాసిన వాక్యం నివేదికలో ముందుకు తెచ్చాను. అసలు నివేదిక చెప్పాల్సింది అదేనండి.

ఒక్క చోట మాత్రం మీ అభిప్రాయం మళ్లీ కావాలి. రైతులు చెప్పిన మాటలున్న ఐదో అధ్యాయం తీసేయమన్నారు. ఆధారంగా అది సరిపోదన్నది ఒప్పుకుంటున్నాను, అందుకే ముగింపుల్లో నుంచి తీసేశాను. కానీ ఏ బోదె ఎప్పుడు ఆగిందో, ఏ తూము దగ్గర సముద్రపు నీరు ఎగదన్నిందో వాళ్లకే తెలుసు, మే నమూనాలకు చోట్లు ఎంచడానికి అది పనికొస్తుంది. అనుబంధంలో ఉంచితే మీకు అభ్యంతరమా? ఉందనుకుంటే చెప్పండి, తీసేస్తాను.

సవరించిన ప్రతి శుక్రవారానికి పంపుతాను. అంతా చదవనక్కర్లేదండి. మూడో పట్టిక, సిఫారసుల పేజీ చూస్తే చాలు. ముందులాగే మొహమాటం లేకుండా రాయండి. కొలత పద్ధతి సవరణ మీ సూచనతో జరిగిందని నివేదికలో రాయడానికి మీ అనుమతి కోరుతున్నాను.

కృతజ్ఞతలతో,
నేల పరీక్షల విభాగం నుంచి మీ సహోద్యోగి