ర్యామ్ తప్పు వచ్చింది, మార్చి పంపండి (ఆర్డర్ చివరి అంకెలు 4471)

నమస్తే అండీ,

అక్టోబర్ 24న మీ దగ్గర డీడీఆర్ 5 ర్యామ్ కిట్ ఆర్డర్ పెట్టాను. 6000 స్పీడ్, 32 జీబీవి రెండు, మొత్తం 64 జీబీ, కట్టింది 21,600 రూపాయలు. 29న పార్సిల్ వచ్చింది. పెట్టె మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి, లోపల ఉన్నవి మాత్రం డీడీఆర్ 4, 3200 స్పీడ్, ఒక్కోటి 16 జీబీ. అంటే రకమూ వేరే, కెపాసిటీ కూడా సగమే.

మీ కస్టమర్ కేర్‌లో మాట్లాడినాయన "కొంచెం గట్టిగా నొక్కండి సార్, కూర్చుంటుంది" అన్నారు. కూర్చోదండీ. రెండింటికీ పిన్నులు 288 అయినా మధ్యలో గాడి ఉండే చోటు వేరు, వోల్టేజ్ కూడా వేరు. నాది ఏఎం5 బోర్డు, అది డీడీఆర్ 5 తప్ప ఇంకేదీ తీసుకోదు. ఆయన మాట విని నొక్కి ఉంటే ఇప్పుడు బోర్డు గురించి కూడా ఉత్తరం రాయాల్సి వచ్చేది.

మీరు కావాలని చేశారని నేను అనడం లేదు. పెట్టె మీద సీరియల్ నంబర్‌కీ లోపలి స్టిక్కుల మీదున్న నంబర్లకీ పొంతన లేదు, లోపలి ప్లాస్టిక్ కవర్ ఒకసారి తెరిచి మళ్లీ టేపు వేసినట్టుంది. ఎవరో రిటర్న్ ఇస్తూ తమ పాత ర్యామ్ అందులో పెట్టేసి ఉంటారు, మీవాళ్లు తెరిచి చూడకుండా నాకు పంపేశారు. ఫొటోలు, పార్సిల్ విప్పిన వీడియో దీనితోనే పంపుతున్నాను. నేను వీడియో ఎడిటర్నే గానీ దీంట్లో ఒక్క కట్ కూడా లేదు, కావాలంటే ఒరిజినల్ ఫైల్ ఇస్తాను.

నిన్న మీ నుంచి "రీఫండ్ ఇస్తాం" అని మెసేజ్ వచ్చింది. రీఫండ్ వద్దండీ. ఇదే కిట్ ఇప్పుడు మీ పేజీలోనే 29,900 చూపిస్తోంది. డబ్బు వెనక్కి తీసుకుంటే అదే వస్తువుకు ఇంకో 8,300 నేను వేసుకోవాలి, పొరపాటు మీ గోడౌన్‌ది అయినప్పుడు ఆ తేడా నా మీద ఎందుకు పడాలి? స్టాక్ ఉంది కాబట్టే కదా ఆ రేటు పెట్టి అమ్ముతున్నారు.

కాబట్టి నేను ఆర్డర్ చేసిన అదే మోడల్ పంపండి. ఒకే కిట్‌లోవి రెండూ కావాలి, విడి స్టిక్కులు రెండు కలిపి పంపొద్దు, అలా కలిపితే 6000 దగ్గర సిస్టమ్ నిలకడగా నడుస్తుందన్న నమ్మకం ఉండదు. కొత్తది ఇచ్చేటప్పుడే మీ కొరియర్ అబ్బాయి పాతది తీసుకెళ్లేలా చూడండి, ముందు నేను పంపి తర్వాత ఎదురుచూడటం నావల్ల కాదు. పికప్ ఖర్చు మీదే.

ఇక్కడ రెండు పెళ్లిళ్ల 4కే ఫుటేజ్ పెట్టుకుని 16 జీబీతో లాగుతున్నాను, రెండు కెమెరాలు టైమ్‌లైన్ మీద పెడితే చాలు ప్రివ్యూ ఆగిపోతోంది. 15వ తేదీకి మొదటిది ఇవ్వాలి, పెళ్లివాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్ నాకు.

చెప్పినదానికి భిన్నమైన వస్తువు వెళ్తే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. 10వ తేదీ సోమవారం లోపు కొత్త కిట్ ట్రాకింగ్ నంబర్ రాకపోతే 1915కి కాల్ చేసి కంప్లైంట్ పెడతాను. అందాకా తెచ్చుకోవాలని నాకూ లేదు, ఆ ఫోన్ మాట్లాడే టైములో ఒక పాట కట్ చేసుకోవచ్చు.

పార్సిల్ పాత అడ్రస్‌కే పంపండి, మధ్యాహ్నం 12 తర్వాత ఎప్పుడైనా ఉంటాను.

కిరణ్
విజయవాడ, నవంబర్ 6, 2025