మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లు ఆర్థిక నివేదికల విశ్లేషణ: 2022-23, 2023-24

ఈ అసైన్‌మెంట్ కోసం నల్గొండ జిల్లా మిర్యాలగూడలోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లు ఆర్థిక నివేదికలను తీసుకున్నాను. పేరు బయటపెట్టకూడదన్న షరతు మీద లెక్కలు ఇచ్చారు కనుక దీన్ని ‘సంస్థ’ అనే పేర్కొంటాను. మొత్తాలన్నీ లక్షల రూపాయలలో ఉన్నాయి. రోజులను పూర్ణాంకాలకు సవరించాను. పౌర సరఫరాల శాఖ మరపట్టడానికి ఇచ్చే ధాన్యం సంస్థ ఆస్తి కాదు, దానికి మిల్లు కాపలాదారు మాత్రమే. అందువల్ల అది సరుకు నిల్వలో చేరలేదు. మిల్లు ఆవరణలో కనిపించే బస్తాలకూ ఆస్తి అప్పుల పట్టీలో కనిపించే నిల్వకూ పొంతన కుదరకపోవడానికి ఇదే కారణం.

| వివరం | 2022-23 | 2023-24 |
|---|---|---|
| అమ్మకాలు | 4,200 | 4,830 |
| స్థూల లాభం | 504 | 531 |
| వడ్డీ, పన్నుకు ముందు లాభం | 192 | 195 |
| వడ్డీ | 72 | 108 |
| పన్ను తర్వాత లాభం | 90 | 65 |
| సరుకు నిల్వ | 520 | 690 |
| రుణగ్రస్తులు | 430 | 610 |
| నగదు, బ్యాంకు నిల్వ | 70 | 26 |
| మొత్తం ప్రస్తుత ఆస్తులు | 1,070 | 1,376 |
| క్యాష్ క్రెడిట్ | 480 | 750 |
| వ్యాపార రుణదాతలు | 210 | 180 |
| మొత్తం ప్రస్తుత అప్పులు | 760 | 1,025 |
| టర్మ్ లోన్ (ఏడాదిలో కట్టాల్సిన వాయిదాలతో) | 310 | 390 |
| వాటాదారుల నిధులు | 630 | 695 |

ద్రవ్యత్వం

ప్రస్తుత నిష్పత్తి 1.41 నుంచి 1.34కు (1,376 ÷ 1,025) తగ్గింది. పాఠ్యపుస్తకాలు చెప్పే 2:1 ప్రమాణంతో పోలిస్తే రెండేళ్లూ తక్కువే. అయితే బ్యాంకు అప్పు మీద సీజన్ నడిపే రైస్ మిల్లుకు ఆ కొలత అంతగా నప్పదు. ప్రస్తుత ఆస్తులలో కనీసం 25 శాతం దీర్ఘకాలిక నిధుల నుంచి రావాలన్న టాండన్ కమిటీ రెండో పద్ధతి ప్రకారం వచ్చే 1.33 ఇక్కడ అసలు గీత. సంస్థ 2023-24లో ఆ గీతకు ఎంత దగ్గరగా ఉందంటే, 1,376లో 25 శాతం 344 కాగా నికర నిర్వహణ మూలధనం 351, అంటే మిగులు 7 లక్షలే. అంతకు ముందు ఏడాది ఈ మిగులు 42 లక్షలకు పైగా ఉండేది.

ఆ 7 లక్షలను కూడా నేను పూర్తిగా నమ్మలేకపోతున్నాను. రుణగ్రస్తుల వయసు పట్టికలో ఆరు నెలలు దాటిన బాకీ 85 లక్షలు ఉంది, దానికి ఏ కేటాయింపూ చేయలేదు. ఆ మొత్తాన్ని పక్కన పెట్టి చూస్తే నిష్పత్తి 1.26కు (1,291 ÷ 1,025) పడిపోతుంది. శీఘ్ర నిష్పత్తి 0.72 నుంచి 0.67కు తగ్గింది. ప్రస్తుత అప్పుల్లో ప్రతి వంద రూపాయలకు చేతిలో ఉన్న నగదు తొమ్మిది రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు దిగింది.

కారణం టర్నోవర్ లెక్కల్లో కనిపిస్తుంది. నిల్వ కదలడానికి పట్టే కాలం 51 రోజుల నుంచి 59కి, బాకీలు వసూలయ్యే కాలం 37 నుంచి 46కు పెరిగాయి. సరఫరాదారులకు చెల్లించే గడువు మాత్రం 21 రోజుల నుంచి 15కు తగ్గింది, బహిరంగ మార్కెట్‌లో ధాన్యాన్ని రొక్కానికే కొనాల్సి రావడం వల్లనని సంస్థ చెబుతోంది. మొత్తం మీద నగదు చక్రం 67 రోజుల నుంచి 90కి సాగింది. నిల్వ పెరగడానికి యాజమాన్యం ఇచ్చిన వివరణ సబబుగానే ఉంది: 2023 ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం ఎగుమతిపై కేంద్రం 20 శాతం సుంకం విధించాక కాకినాడ ఎగుమతిదారుల ఆర్డర్లు మందగించి, బియ్యం గోదాములోనే ఉండిపోయింది. కానీ ఆ సుంకం దేశీయ టోకు వ్యాపారుల దగ్గర నిలిచిపోయిన బాకీలకు జవాబు కాదు. అమ్మకాలు 15 శాతం పెరిగితే రుణగ్రస్తులు 42 శాతం పెరిగారంటే, అరువు గడువు పెంచి సరుకు అమ్మారనే అర్థం చేసుకోవాలి.

లాభదాయకత

స్థూల లాభ నిష్పత్తి 12.0 శాతం నుంచి 11.0 శాతానికి తగ్గింది. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,040 రూపాయల నుంచి 2,183కు, అంటే 7 శాతం, పెరిగిన ఏడాది ఇది. ఆ పెంపును సంస్థ బియ్యం ధరలో పూర్తిగా రాబట్టుకోలేకపోయింది. పాత మార్జిన్ నిలిచి ఉంటే స్థూల లాభం దాదాపు 580 లక్షలు ఉండాలి, వచ్చింది 531. మిల్లు లోపలి నిర్వహణను మాత్రం తప్పు పట్టలేము: తరుగుదల కాక మిగిలిన నిర్వహణ ఖర్చులు అమ్మకాల్లో 6.0 శాతం నుంచి 5.6 శాతానికి తగ్గాయి.

నికర లాభ నిష్పత్తి 2.14 శాతం నుంచి 1.35 శాతానికి, వాటాదారుల నిధులపై రాబడి 14.3 శాతం నుంచి 9.4 శాతానికి పడిపోయాయి. ఈ రాబడిని డ్యూపాంట్ పద్ధతిలో విడదీస్తే 2023-24కు 1.35% × 2.36 × 2.95 అని వస్తుంది. అంతకు ముందు ఏడాది ఇది 2.14% × 2.53 × 2.63. మార్జిన్, ఆస్తుల టర్నోవర్ రెండూ తగ్గగా, పెరిగింది మూడోదైన అప్పుల ఊతం ఒక్కటే. అది కూడా లేకపోతే రాబడి ఇంకా కిందికి పోయేది అనిపించవచ్చు. కానీ ఆ అప్పు మీద కట్టిన వడ్డీయే మొదటి అంశమైన మార్జిన్‌ను తినేసింది కనుక ఈ మూడింటినీ విడివిడిగా చదవకూడదు.

అప్పుల భారం

మొత్తం అప్పు 790 నుంచి 1,140 లక్షలకు చేరి, రుణ-ఈక్విటీ నిష్పత్తి 1.25 నుంచి 1.64 అయింది. వడ్డీ కవరేజి 2.67 రెట్ల నుంచి 1.81 రెట్లకు తగ్గింది. కొత్త అప్పులో 80 లక్షలు టర్మ్ లోన్. 150 లక్షలతో కొన్న కలర్ సార్టర్, దాని అనుబంధ యంత్రాలకు అది పోయిందనుకోవచ్చు. మిగతా 270 లక్షలు క్యాష్ క్రెడిట్‌లో వాడుకున్నవే.

నా దృష్టిలో ఈ నివేదికల్లో అతి ముఖ్యమైన లెక్క ఏ ప్రామాణిక నిష్పత్తిలోనూ లేదు. అప్పు, సొంత నిధులు కలిపి ఏడాదిలో వ్యాపారంలోకి అదనంగా 415 లక్షలు వచ్చాయి, దాని వల్ల వడ్డీ, పన్నుకు ముందు లాభం పెరిగింది 3 లక్షలే. అదే సమయంలో వడ్డీ 36 లక్షలు పెరిగింది. వడ్డీ చెల్లించాక కార్యకలాపాల నుంచి నగదు ప్రవాహం మైనస్ 244 లక్షలు: లాభం, తరుగుదల కలిపి 131 లక్షలు వచ్చినా నిల్వ, బాకీలు, తగ్గిన సరఫరాదారుల అరువు కలిసి 380 లక్షలను, ఇతర ప్రస్తుత అప్పుల్లో పెరిగిన 5 లక్షలు పోను నికరంగా 375 లక్షలను, పీల్చుకున్నాయి. లాభనష్టాల ఖాతా 65 లక్షల లాభం చూపిన ఏడాదిలో నగదు 70 నుంచి 26 లక్షలకు తగ్గింది ఇందుకే.

పరిమితులు, సూచనలు

మార్చి 31 అనేది వానాకాలం ధాన్యం చాలావరకు ఆడించేసి, యాసంగి కొనుగోళ్లు ఇంకా ఊపందుకోని తేదీ. క్యాష్ క్రెడిట్ మీద అసలు ఒత్తిడి మే, జూన్ నెలల్లో ఉంటుంది కనుక ఈ పట్టీ చూపే ద్రవ్యత్వం ఏడాదిలో మెరుగైన రోజుదే అయి ఉండవచ్చు. నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్లు నాకు అందుబాటులో లేవు.

ధాన్యం ధర సంస్థ చేతిలో లేదు, వసూళ్లు ఉన్నాయి. బాకీలను 37 రోజులకు, నిల్వను 51 రోజులకు తిరిగి తెస్తే దాదాపు 210 లక్షలు విడుదలవుతాయి. సగటు అప్పు మీద పడిన 11 శాతం వడ్డీ రేటు లెక్కన ఏడాదికి 23 లక్షలు ఆదా అయి, కవరేజి 2.29 రెట్లకు, రుణ-ఈక్విటీ 1.34కు వస్తాయి. ఆరు నెలలు దాటిన పార్టీలకు కొత్తగా అరువు ఆపి, ఆ 85 లక్షల్లో సందేహాస్పదమైన భాగానికి ఈ ఏడాదే కేటాయింపు చేయాలి, లాభం ఇంకా తగ్గి కనిపించినా సరే. ఇవన్నీ చేసినా కవరేజి పాత 2.67 రెట్లను అందుకోదు. ఆ మిగిలిన తేడా స్థూల లాభంలో పోయిన ఒక్క శాతానిది.