మెయిల్ దిద్దాను కీర్తనా, చూసి ఇవాళే పంపెయ్

కీర్తనా,

మదనపల్లె రైతుల కంపెనీ ఇస్తామన్న ఉద్యోగంలో చేరలేనంటూ నువ్వు రాసిన మెయిల్ చదివాను. మర్యాదగా ఉంది, ఎక్కడా సాకులు చెబుతున్నట్టు లేదు, అందుకే నీ వాక్యాల జోలికి పోలేదు. కాలాలు, విభక్తులు తప్పిన చోట మాత్రం గీత కొట్టి పక్కన రాశాను. గీత కొట్టినవి తీసేసి మిగతాది ఉన్నదున్నట్టు పంపు.

సబ్జెక్ట్: క్వాలిటీ సూపర్‌వైజర్ ఉద్యోగంలో ~~చేరలేకపోయాను~~ చేరలేకపోతున్నాను

మేనేజర్ గారికి నమస్కారం.

మీరు ~~పంపుతున్న~~ పంపిన ఆఫర్ లెటర్ ~~సోమవారం మీద~~ సోమవారం అందింది. మదనపల్లెలో ~~మీకు~~ మిమ్మల్ని కలిసిన రోజు గ్రేడింగ్ షెడ్డంతా దగ్గరుండి చూపించారు, దూరం లోడుకు దోర కాయ, దగ్గర మార్కెట్‌కు పండు కాయ అని రైతులే కూర్చుని వేరు చేస్తుంటే నాకు అక్కడే పనిలోకి దిగిపోవాలనిపించింది. ఇంత నమ్మకంగా ఉద్యోగం ఇస్తామన్నందుకు మీకు, ఇంటర్వ్యూ ~~చేస్తున్న~~ చేసిన డైరెక్టర్లందరికీ కృతజ్ఞతలు.

కానీ ఈ ~~ఉద్యోగానికి~~ ఉద్యోగంలో ~~చేరలేకపోయాను~~ చేరలేకపోతున్నాను. మా నాన్నగారికి వచ్చే నెల మోకాలి ఆపరేషన్ ~~జరిగింది~~ జరగబోతోంది. ఆ తర్వాత కొన్ని నెలలు ఫిజియోథెరపీకి తిప్పాలి, ఇంట్లో చూసుకోవడానికి నేనొక్కదాన్నే. అందుకని ఈ ఏడాది ~~హోసూరు నుంచి~~ హోసూరు వదిలి రాలేను. జీతం విషయంలో నాకు ఏ ఇబ్బందీ లేదు, ~~మీ దగ్గర~~ మిమ్మల్ని అడగ్గానే 28,000 నుంచి 32,000కు పెంచారు, అది మరిచిపోను.

నిర్ణయం చెప్పడానికి ఇన్ని రోజులు ~~తీసుకుంటున్నాను~~ తీసుకున్నాను, ఆ ~~ఆలస్యం కోసం~~ ఆలస్యానికి క్షమించండి. సీజన్ మొదలయ్యేలోపు మీకు మనిషి దొరకాలి కాబట్టి ఇంకా నాన్చకుండా రాస్తున్నాను. నాతో హార్టికల్చర్ చదివిన ఒకమ్మాయి పలమనేరులో ఉంటుంది, పోయిన ఏడాదంతా గ్రేడింగ్ పనే ~~చేస్తుంది~~ చేసింది. మీరు సరేనంటే తనని అడిగి నంబర్ పంపుతాను.

వచ్చే ఏడాది మీ దగ్గర ఖాళీ ఉంటే మళ్లీ దరఖాస్తు ~~పెట్టాను~~ పెడతాను.

నమస్కారాలతో,
కీర్తన, హోసూరు

అంతే. ఇందులో రెండు మార్పులు మాత్రం తప్పనిసరి, మిగతావి నువ్వు అలాగే వదిలేసినా ఆయనకు అర్థమవుతుంది. మొదటిది ఆపరేషన్ సంగతి. "వచ్చే నెల" అని రాసి పక్కనే "జరిగింది" అంటే చదివేవాళ్లు ఆ చివరి మాటే పట్టుకుంటారు, ఆపరేషన్ అయిపోయిందట కదా, మరి రావడానికేం అనుకుంటారు, నీ కారణమంతా అక్కడే వీగిపోతుంది. రెండోది "చేరలేకపోయాను". చేరాల్సిన తేదీ దాటిపోయాక సంజాయిషీ ఇచ్చుకుంటూ రాసే మాట అది. నీకింకా గడువు ఉంది, ముందే చెబుతున్నావు, కాబట్టి "చేరలేకపోతున్నాను". "చేరలేకపోవచ్చు" అని మెత్తగా రాద్దామా అని ఫోన్‌లో అడిగావు చూడు, అది మాత్రం వద్దు, ఆయన ఇంకో వారం నీ కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటాడు, ఆ లోపు పలమనేరు అమ్మాయి ఇంకెక్కడో చేరిపోతుంది.

"మీ దగ్గర అడిగాను" అని మన హోసూరు ఇళ్లల్లో అందరం అంటాం, పక్కనున్న తమిళం చలవ అది, ఇంట్లో హాయిగా అలాగే మాట్లాడుకో. మదనపల్లె ఆయనకు రాసేటప్పుడు "మిమ్మల్ని అడిగాను" అను. "ఆలస్యం కోసం", "సోమవారం మీద" రెండూ ఆఫీసు ఇంగ్లిష్ రాసీ రాసీ చేతికి అలవాటైనవి. వారం పేరుకు "మీద" అక్కర్లేదు, ఉత్త "సోమవారం" చాలు.

షెడ్డు గురించి రాసిన వాక్యం చాలా పొడుగైంది, కానీ కత్తిరించబుద్ధి కాలేదు. మెయిల్ మొత్తంలో నువ్వు నిజంగా ఆ పని ఇష్టపడ్డావని తెలిసేది ఆ ఒక్క చోటే, ఆయనకూ గుర్తుండేది అదే. జీతం పెంచిన మాట కూడా ఉంచు, వాళ్లు చేసిన మంచిని కాదనే ముందు ఒప్పుకోవడం న్యాయం.

శుక్రవారం అని గడువు పెట్టారు కదా, ఇవాళ సాయంత్రంలోపు పంపెయ్. రైతుల కంపెనీ కాబట్టి మార్కెట్ రోజుల్లో మెయిల్ తెరిచే తీరిక ఉండదు, పంపాక ఆయనకు ఒక ఫోన్ కూడా చెయ్యి. పొద్దున వేలంపాటల టైములో మాత్రం చెయ్యకు, మధ్యాహ్నం చెయ్యి. చిన్నాన్నని అడిగానని చెప్పు.

పద్మక్క