విషయం: విమానం మార్పు వల్ల దక్కని ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ సీటు – రుసుము రూ.1,575 వాపసు కోరుతూ (పీఎన్ఆర్ K7R2QX)

నోడల్ అధికారి గారికి,

నమస్కారం.

2025 ఆగస్టు 22న ఉదయం 6.10కి హైదరాబాద్ నుంచి ఢిల్లీ బయలుదేరిన మీ విమానంలో ప్రయాణం చేశాను. టికెట్ ఛార్జీ కాకుండా, కాళ్లు పెట్టుకోవడానికి చోటు ఎక్కువుండే సీటు కోసం పన్నులతో కలిపి రూ.1,575 విడిగా కట్టాను. మీరు విమానం మార్చారు, ఆ చోటు నాకు దొరకలేదు. డబ్బు వాపసు ఇవ్వమని అడిగితే మీ కస్టమర్ కేర్ వాళ్లు కుదరదని చెప్పి ఫిర్యాదును మూసేశారు. ఆ నిర్ణయాన్ని మీరు మళ్లీ చూడాలని కోరుతూ ఈ మెయిల్ రాస్తున్నాను. మీ కాల్ సెంటర్‌లో తెలుగు ఎంచుకునే వీలుంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. విమానంలో మామూలు సీట్లో కూర్చుంటే నా మోకాళ్లు ముందు సీటు వెనకభాగానికి గట్టిగా ఆనుకుంటాయి. ముందువాళ్లు సీటు వెనక్కి వాల్చారంటే కాళ్లు పక్కకి తిప్పి, నడిచే దారిలోకి పెట్టుకోవాల్సిందే. ఫుడ్ ట్రాలీ వచ్చిన ప్రతిసారీ మళ్లీ లోపలికి లాక్కోవాలి. అందుకే రెండు గంటలు దాటిన ప్రయాణమైతే ఖర్చయినా సరే ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసలో సీటు కొనుక్కుంటాను. ఆ వరుసలో కూర్చునేవాళ్లు అవసరమైతే తలుపు తీయగలిగేంత ఆరోగ్యంగా ఉండాలని, సిబ్బంది చెప్పినట్టు చేయాలని నాకు తెలుసు. దానికి ఒప్పుకునే బుక్ చేశాను.

బుక్ చేసిన రోజు మీ యాప్‌లో ఆ విమానం ఏ320 అని ఉంది. సీట్ల పటంలో 12వ వరుస పక్కన ఎగ్జిట్ గుర్తు, ధర కింద ‘ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్’ అన్న మాట స్పష్టంగా కనిపించాయి. నడిచే దారి పక్కనుండే 12సి తీసుకున్నాను. వెబ్ చెక్ఇన్ చేసినప్పుడు కూడా అదే పటం, అదే గుర్తు. బోర్డింగ్ పాస్ మీద 12సి అని వచ్చింది.

ఆ తర్వాత ఎప్పుడో మీరు విమానాన్ని ఏ321కి మార్చారు. ఆ సంగతి నాకు మెసేజ్‌లో గానీ మెయిల్‌లో గానీ చెప్పలేదు. గేటు దగ్గర కూడా ఎవరూ ఏమీ అనలేదు, పాస్ స్కాన్ చేసి పంపించేశారు. లోపలికి వెళ్లి 12వ వరుస దగ్గర నిలబడి చూస్తే కిటికీ పక్కన తలుపు లేదు. ముందు సీటుకీ నా సీటుకీ మధ్య దూరం ముందు వరుసలో, వెనక వరుసలో ఎంతుందో అంతే ఉంది. ఏ321 పొడవైన విమానం, దాని ఎమర్జెన్సీ తలుపులు ఏ320లో ఉన్నచోట ఉండవు. నేను కొన్న తలుపు వరుస ఈ విమానంలో ఇంకా వెనక ఉంది, అందులో అప్పటికే వేరేవాళ్లు కూర్చున్నారు.

క్యాబిన్ సిబ్బందిలో ఒకమ్మాయికి విషయం చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, తన దగ్గరున్న జాబితా చూసి, విమానం మారిందని, ఒక్క సీటు కూడా ఖాళీ లేదని చెప్పింది. “కస్టమర్ కేర్‌కి రాయండి సార్, సీటు డబ్బులు తిరిగి ఇస్తారు” అని కూడా అంది. సిబ్బంది మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తన చేతిలో ఉన్నంత వరకు ఆమె మర్యాదగా, నిజాయితీగా చేసింది. ఇంకొకరి సీటు లాక్కుని నాకివ్వమని నేను అడగలేదు. ఢిల్లీ దాకా కాళ్లు దారిలో పెట్టుకునే కూర్చున్నాను.

దిగాక మీ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాను. దానికి మీవాళ్లు ఇచ్చిన జవాబు ఇది: “మీరు ఎంచుకున్న 12సి సీటులోనే ప్రయాణించినట్టు మా రికార్డులో ఉంది. సీటు రుసుము నాన్ రిఫండబుల్.” నేను ఫోటోలు జతచేసి మళ్లీ రాస్తే, అవి చూసిన దాఖలా లేకుండా అదే జవాబు అక్షరం మారకుండా వచ్చింది.

ఆ జవాబులో రెండు వాక్యాలున్నాయి. రెండూ నా ఫిర్యాదుకు సమాధానం కావు.

మొదటిది, 12సిలోనే ప్రయాణించానన్న మాట. నిజమే, నంబరు అదే. కానీ నేను డబ్బు కట్టింది నంబరుకి కాదు, ఆ నంబరు దగ్గర మీరు చూపించిన చోటుకి. ఏసీ గది అని డబ్బు తీసుకున్న లాడ్జివాళ్లు అదే నంబరున్న నాన్ ఏసీ గది తాళం చేతిలో పెట్టి, మీరడిగిన 204 ఇచ్చేశాం కదా అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? విమానం మారినప్పుడు నా పేరు పక్కన 12సి అలాగే ఉండిపోయింది కాబట్టి, మీ కంప్యూటర్‌కి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపించి ఉంటుంది. కానీ ఒక మనిషి కూర్చుని ఆ రోజు నడిపిన విమానం సీట్ల పటం తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం ఇది.

అయినా నా వైపు నుంచి ఆధారాలు పంపుతున్నాను. సీటు జేబులో ఉన్న సేఫ్టీ కార్డు ఫోటో తీశాను, దాని మీద ఏ321 అని పెద్దగా ఉంది. అందులోని బొమ్మలో తలుపులు ఎక్కడున్నాయో మీరే చూడొచ్చు. ఇంకో సంగతి. ఎగ్జిట్ వరుసలో కూర్చున్నవాళ్లకు టేకాఫ్‌కి ముందు సిబ్బంది వచ్చి తలుపు ఎలా తీయాలో, ఎప్పుడు తీయకూడదో విడిగా చెప్పాలి, సామాన్లు కింద పెట్టనివ్వకూడదు. ఆ రోజు 12వ వరుసకి వచ్చి అలా ఎవరూ చెప్పలేదు. నా పక్కనాయన బ్యాగు ప్రయాణం పొడవునా ముందు సీటు కిందే ఉంది, ఎవరూ తీయమనలేదు. అది ఎగ్జిట్ వరుస కాదని మీ సిబ్బంది పనితీరే చెబుతోంది.

అంతకన్నా బలమైన ఆధారం నా తిరుగు ప్రయాణం. ఆగస్టు 26న ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి మీ విమానంలోనే వచ్చాను. అప్పుడూ 12సినే, అప్పుడూ అంతే రుసుము. ఆ రోజు వచ్చింది ఏ320. కిటికీ పక్కన తలుపు ఉంది, సిబ్బంది వచ్చి సూచనలు చెప్పారు, కాళ్లు చక్కగా చాపుకుని కూర్చున్నాను. ఆ రూ.1,575కి నాకు ఏ అభ్యంతరమూ లేదు, చెప్పిన సేవ అందింది. రెండు ప్రయాణాల్లోనూ కూర్చున్నచోటు నుంచి మోకాళ్ల దగ్గర తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపుతున్నాను. ఒకదాంట్లో మోకాలికీ ముందు సీటుకీ మధ్య జానెడు పైగా ఖాళీ ఉంది. రెండోదాంట్లో మోకాలు సీటు జేబులోకి నొక్కుకుపోయి ఉంది. ఈ రెండింటికీ ధర ఒకటే అని మీరు అనగలరా?

ఇక నాన్ రిఫండబుల్ అన్న మాట. నేను ప్రయాణం మానుకున్నా, మనసు మార్చుకుని వేరే సీటు తీసుకున్నా ఆ డబ్బు పోతుందని నాకు తెలుసు, దానికి ఒప్పుకునే కట్టాను. ఇక్కడ నేను ఏదీ మార్చలేదు, మార్చింది మీరు. సాంకేతిక కారణాల వల్లో, ఇంకో అవసరం వల్లో విమానం మార్చాల్సి రావచ్చు. భద్రత కోసం అలా చేస్తే నేను కూడా సంతోషిస్తాను, మార్చినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. సీటు మార్చే హక్కు మీ నిబంధనల్లో రాసుకున్నారు, అదీ సరే. కానీ మార్చే హక్కు వేరు, ఇవ్వని సేవకు తీసుకున్న డబ్బు ఉంచేసుకోవడం వేరు.

టికెట్ ఛార్జీ నుంచి విడదీసి, కావాలనుకున్న ప్రయాణికుడికి నచ్చిన సీటును ప్రత్యేకంగా అమ్ముకోవడానికి డీజీసీఏ విమానయాన సంస్థలకు వీలు కల్పించింది. నన్ను ఢిల్లీ చేర్చారు కాబట్టి టికెట్ డబ్బు మీకు న్యాయంగా వచ్చింది. సీటు సేవను విడిగా అమ్మినప్పుడు అది అందిందా లేదా అన్నది కూడా విడిగానే చూడాలి.

ప్రయాణికుణ్ణి కొన్న తరగతి కన్నా కింది తరగతికి మారిస్తే దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలని 2023లో డీజీసీఏ నియమం తెచ్చింది. నాది తరగతి మార్పు కాదు, ఎకానమీలోనే వెళ్లాను. కాబట్టి ఆ నియమం కింద నేనేమీ అడగడం లేదు. నష్టపరిహారం కూడా అడగడం లేదు. సీటు కోసం కట్టినదే అడుగుతున్నాను.

రూ.1,575 మొత్తం, నేను చెల్లించిన క్రెడిట్ కార్డుకే తిరిగి జమ చేయండి. వోచర్ గానీ, తర్వాతి ప్రయాణంలో వాడుకునే క్రెడిట్ గానీ నాకు వద్దు. మళ్లీ ఎప్పుడు ప్రయాణిస్తానో నేను చెప్పలేను, డబ్బు మాత్రం ఇప్పటికే మీ దగ్గరుంది. దాంతోపాటు “ఎంచుకున్న సీటులోనే ప్రయాణించారు” అని నా ఫిర్యాదుకి ఎదురుగా రాసుకున్న మాట సరిదిద్ది, ఆ రోజు 12వ వరుస ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ వరుస కాదని నమోదు చేయండి.

ఇంకో మనవి, ఇది నా ఒక్కడి కోసం కాదు. దారికి అవతల 12డిలో కూర్చున్న పెద్దావిడ, మోకాళ్ల నొప్పులని కొడుకు ఎక్కువ డబ్బు కట్టి ఆ సీటు తీసుకున్నాడని నాతో చెప్పింది. ఆమె మీకు మెయిల్ రాసుకోలేదు, అసలు అడగొచ్చన్న సంగతే ఆమెకు తెలియదు. ఆ విమానంలో ఎగ్జిట్ వరుసకని డబ్బు కట్టి మామూలు సీట్లో కూర్చున్నవాళ్లు ఎవరెవరో మీ రికార్డుల్లో ఉంటుంది. వాళ్లు అడిగేదాకా ఆగకుండా వాళ్లకీ తిరిగి ఇవ్వండి. ఇకముందు విమానం మారినప్పుడు కనీసం ఒక మెసేజ్ పంపితే, కావాలనుకున్నవాళ్లు కొత్త పటంలో సీటు మార్చుకోగలుగుతారు. నాకు ముందే తెలిసి ఉంటే వెనకున్న ఎగ్జిట్ వరుసకి మారేవాణ్ణి, మీకు ఈ ఫిర్యాదు వచ్చేదే కాదు.

15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వకమైన జవాబు ఆశిస్తున్నాను. అప్పటికీ పరిష్కారం కాకపోతే మీ అప్పిలేట్ అథారిటీకి, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఈ ఆధారాలన్నీ పంపుతాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేనున్న జిల్లాలోనే కమిషన్ ముందు సేవాలోపం కింద కేసు వేసుకునే వీలుంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. ఆధారాలు ఒకసారి కళ్లతో చూస్తే మీరే ఇచ్చేస్తారని నా నమ్మకం.

బుకింగ్ రోజు తీసుకున్న సీట్ల పటం స్క్రీన్‌షాట్, సీటు రుసుము రసీదు, రెండు బోర్డింగ్ పాస్‌లు, సేఫ్టీ కార్డు ఫోటో, రెండు ప్రయాణాల సీటు ఫోటోలు, మీ కస్టమర్ కేర్ జవాబులు ఈ మెయిల్‌కి జతచేశాను. ఇంకేదైనా కావాలంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి, అదే రోజు పంపుతాను. ఫోన్ చేస్తే సాయంత్రం 5 తర్వాత చేయండి, అంతకుముందు గ్రౌండ్‌లో ఉంటాను.

ఇట్లు,
కె. రవీందర్
హనుమకొండ
పీఎన్ఆర్: K7R2QX