మా వాడి పెళ్ళికి వచ్చిన అప్పాజీ

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక బిర్యానీ దగ్గరున్న వాళ్ళకి వినిపించకపోయినా పర్లేదు. వాళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నారు.

నా పేరు వంశీ. మూడో క్లాసు నుంచి కిరణ్‌కి స్నేహితుణ్ణి. పేరు ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, ఇక్కడ మూడో వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పొద్దున్నుంచీ నన్ను కిరణ్ అనే పిలుస్తున్నారు. ఆ కథ దగ్గరికి వస్తాను. అంకుల్, మీరు మాత్రం దయచేసి లేవకండి.

మా ఇద్దరి స్నేహానికి కారణం జెమినీ టీవీ. 2001లో ఆదివారం రాత్రుళ్ళు ‘అమృతం’ మొదలైంది. నా చదువు పాడవుతుందని మా నాన్న సరిగ్గా అప్పుడే కేబుల్ తీయించేశారు. అందుకని రాజమండ్రిలో మా వీధి చివర ఉన్న కిరణ్ వాళ్ళింటికి పరిగెత్తేవాణ్ణి. గేటు దగ్గర నిలబడి “ఒరేయ్ ఆంజనేలూ!” అని అరిస్తే, లోపల్నుంచి వీడు “నువ్వేరా ఆంజనేలువి!” అని అరిచేవాడు. ఆంటీ మాత్రం ఏమీ మాట్లాడకుండా ఇద్దరికీ చెరో ప్లేటు ఉప్మా పెట్టేవారు. ఆంటీ, ఆరేళ్ళ ఉప్మాకి ఇవాళ అందరి ముందూ థ్యాంక్స్ చెబుతున్నాను. జీడిపప్పులన్నీ వీడి ప్లేటులోనే ఉండేవని ఇవాళ అనను.

చూడని వాళ్ళెవరైనా ఉంటే రెండు ముక్కల్లో చెప్తాను. అమృతం, ఆంజనేయులు కలిసి అమృత విలాస్ అని ఒక హోటల్ నడుపుతుంటారు. అమృతానికి ఐడియా వస్తుంది, ఆంజనేయులు అందులో ఇరుక్కుంటాడు. సర్వం అని ఒకడుంటాడు, మిగిలిన కాస్తా వాడు పాడుచేస్తాడు. ఇవన్నీ అయ్యేసరికి ఇంటి ఓనరు అప్పాజీ వచ్చి అద్దె అడుగుతాడు. మా ఇద్దరి జీవితమూ ఇంతే. మీకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు.

గొడవల్లా ఒకటే. మాలో అమృతం ఎవరు? ఇద్దరికీ అమృతమే కావాలి. ఆంజనేయులు ఎవడికీ వద్దు. ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఈ తగువు తేల్చాలని వీడొక ఐడియా వేశాడు. హాస్టల్ రూములో రాత్రి పదకొండు తర్వాత నూడుల్స్ అమ్ముదాం, కప్పు పదిహేను రూపాయలు, లాభం వస్తే తనే అమృతం. తలుపు మీద చాక్‌పీసుతో ‘అమృత విలాస్, బ్రాంచ్ నెం. 2’ అని రాశాడు. మొదటి రాత్రే, మ్యాథ్స్ త్రీ పరీక్షకి ముందు రోజు, రెండు ఎలక్ట్రిక్ కెటిళ్ళు ఒకే ప్లగ్గులో పెట్టాడు. బ్లాకు మొత్తం చీకటి. ఆ చీకట్లో వీడి గొంతు ఒక్కటే వినిపించింది: “వంశీ, ఇప్పటిదాకా డబ్బులు ఎవరెవరు ఇచ్చారో రాశావా?” ఆ పరీక్షలో మా ఫ్లోరు ఫలితాల గురించి పెళ్ళిలో మాట్లాడకూడదు.

తర్వాత హైదరాబాద్, మియాపూర్‌లో రెండో అంతస్తు పోర్షన్. అద్దె పద్దెనిమిది వేలు, చెరో తొమ్మిది. ఓనరు గారు కింద పోర్షన్. మంచి మనిషే, కానీ ఐదో తారీఖు సాయంత్రం ఆరు గంటలకి కాలింగ్ బెల్ మోగిందంటే మోగిందే. మా ఇద్దరికీ ఆయన మొదటి నెలనుంచే అప్పాజీ. ఇవాళ తెలిసిపోయింది, క్షమించండి అంకుల్.

మూడో నెల జీతం ఆలస్యమైంది. బెల్ మోగింది. వీడు తలుపు తీశాడు. ఆయన కళ్ళజోడు లేకుండా వచ్చారు, “కిరణ్ ఉన్నాడా బాబూ?” అన్నారు. వీడు, సాక్షాత్తూ కిరణ్, రెప్ప కూడా వేయకుండా “లేడండీ, ఊరెళ్ళాడు. నేను వంశీని” అన్నాడు. నేను బాత్రూములో ఉన్నాను. బయటికొచ్చేసరికి నాకు తెలియకుండానే నా పేరు మారిపోయింది. వారం తర్వాత ఆయన మెట్ల మీద నన్ను ఆపి “ఏం కిరణ్, ఊర్నుంచి ఎప్పుడొచ్చావ్?” అన్నారు. నేను “నిన్నే అంకుల్” అన్నాను. ఇంకేమనాలి? అగ్రిమెంటు మీద రెండు పేర్లూ ఉన్నాయి, కానీ ఎవరు ఎవరో కాగితం చెప్పదు కదా. ఆధార్ జిరాక్సుల్లో అయితే ఇద్దరమూ ఒకే నల్ల మచ్చలా ఉన్నాం. అలా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను కిరణ్, వీడు వంశీ.

ఇప్పుడు సౌజన్య. వీడు మొదటిసారి తనని మా అందరికీ పరిచయం చేసినప్పుడు, ఒక చిన్న పరీక్ష పెట్టాం. అమృతం చూశావా? చూశానంది. అందులో నీకెవరు ఇష్టం? మా గ్యాంగులో ఏడుగురం ఊపిరి బిగబట్టాం. అమృతం అంటుందా, ఆంజనేయులు అంటుందా? తను “అప్పాజీ” అంది.

టేబుల్ మీద ఎవరూ మాట్లాడలేదు. చివరికి నేనే “అదేంటమ్మా?” అన్నాను. అప్పుడు మా హనుమకొండ చార్టర్డ్ అకౌంటెంట్ చెప్పింది: “ఏందన్నా, గాయన తప్పేముంది? ఇల్లు కిరాయికిచ్చిండు, కిరాయి అడిగిండు. ఇయ్యనోళ్ళు హీరోలు, అడిగినాయన విలనా?”

ఇన్నేళ్ళలో అన్ని ఎపిసోడ్లు అన్నిసార్లు చూశాం. యూట్యూబ్‌లో ఇప్పటికీ చూస్తున్నాం. అప్పాజీ వైపు నుంచి చూడాలన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. ఆ రాత్రి కిరణ్‌కి మెసేజ్ పెట్టాను: “ఒరేయ్, ఈ అమ్మాయిని వదలకు. మనకి లెక్కలు రాసేవాళ్ళు లేకే బ్రాంచ్ నెం. 2 మూతపడింది.”

ఆ లెక్కల గురించే చెప్పాలి. 2020లో లాక్‌డౌన్‌లో నా ఉద్యోగం పోయింది. ఓనరు గారి దగ్గరికెళ్ళి, “అంకుల్, నా సగం కొన్నాళ్ళు ఆగండి” అని అడిగాను. “చూద్దాంలే కిరణ్” అన్నారు. ఐదో తారీఖు వచ్చింది. బెల్ మోగలేదు. తర్వాతి నెలా మోగలేదు. ఐదు నెలలు ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. నేనేం అనుకుంటాను? దేవుడు మియాపూర్‌లో గ్రౌండ్ ఫ్లోరులో ఉంటున్నాడనుకున్నాను. బస్సులు మొదలయ్యాక మా అమ్మ చేత ఆత్రేయపురం పూతరేకులు పంపించి, రెండు చేతులా పట్టుకెళ్ళి ఇచ్చాను. “మీ రుణం తీర్చుకోలేనిది అంకుల్” అన్నాను. ఆయన నన్ను కాస్త వింతగా చూశారు, కానీ డబ్బా తీసుకున్నారు. పూతరేకులు ఎవరు కాదంటారు?

పోయిన ఏడాది సౌజన్య నుంచి ఫోన్. హోమ్ లోన్ కోసం వీడి పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తోందట. “అన్నా, నెలనెలా తొమ్మిది వేలు పోయేది. 2020లో ఐదు నెలలు పద్దెనిమిది వేలు పోయినయి. గా తొమ్మిది ఎవరివి?”

నేను బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు ఓనరు గారి వైపు నుంచి చూడండి. ఆ నెలల్లో అద్దె ఆన్‌లైన్‌లో వచ్చింది, పంపింది కిరణ్. ఆయన లెక్కలో కిరణ్ అంటే నేను. అంటే ఉద్యోగం పోయిన కుర్రాడు తన అద్దెతోపాటు రూమ్మేటు అద్దె కూడా కడుతున్నాడు! ఆ ఐదు నెలలూ ఆయన వీణ్ణి మెట్ల మీద ఆపి క్లాసు పీకేవారట. “సిగ్గుండాలయ్యా వంశీ. నీకు జీతం వస్తోంది. పాపం ఆ కిరణ్‌ని చూసి నేర్చుకో.” వీడు తల వంచుకుని “అలాగే అంకుల్” అని పైకొచ్చి, నాతో కలిసి అమృతం పెట్టుకుని నవ్వేవాడు. డబ్బు కట్టినవాడు తిట్లు తిన్నాడు. ఆయన పూతరేకులు తిన్నారు. నేను ఇద్దరి మధ్యా పుణ్యాత్ముణ్ణయ్యాను. ఇలాంటి ఎపిసోడ్ టీవీలో వచ్చుంటే అతిగా ఉందనేవాళ్ళం.

ఇది ఇక్కడితో అయిపోలేదు. వీడు వెళ్ళి శుభలేఖ ఇస్తే, అంకుల్ నా పెళ్ళి కార్డు వీడు పంచుతున్నాడనుకున్నారు. నా పెళ్ళికనే మియాపూర్ నుంచి హనుమకొండ వచ్చారు. పొద్దున్న ముహూర్తం టైముకి నేను అరటాకులు మోస్తుంటే పక్కకి లాగి, నిజంగా బాధపడుతూ అడిగారు: “ఏమయ్యా కిరణ్, అద్దె కట్టావు, సరే. మంచితనానికి ఒక హద్దుండాలి. పీటల మీద కూడా వాణ్ణే కూర్చోబెట్టావా?”

అంకుల్, ఇప్పుడు లేవచ్చు. అందరికీ ఒకసారి చెయ్యూపండి. మీ వెనకాల బోర్డు మీద ఉన్న కిరణ్ వీడే. మీరు తిట్టాల్సింది నన్ను. పూతరేకుల మీద మాత్రం నాకు ఏ క్లెయిమూ లేదు.

ఒరేయ్, ఇదిగో కవరు. నలభై ఐదు వేల నూట పదహార్లు. నలభై ఐదు వేలు అద్దె, నూట పదహార్లు చదివింపులు. నీకు ఇవ్వను, నీకిస్తే బ్రాంచ్ నెం. 3 తెరుస్తావు. సౌజన్యా, తీసుకోమ్మా. లెక్కపెట్టుకో, మొహమాటపడకు. ఏంటి? వడ్డీయా? చూశారా, అప్పాజీ ఫ్యాన్ అని ఊరికే అనలేదు.

చివరిగా ఆ పాత తగువు తేల్చేసి దిగిపోతాను. అమృతం వేషం శివాజీ రాజా వేశారు, నరేష్ వేశారు, హర్షవర్ధన్ వేశారు. ముగ్గురు మారారు. ఆంజనేయులు మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుండు హనుమంతరావు గారొక్కరే. ఇది నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు, నీకు చెప్పలేదంతే. అమృతం నువ్వే ఉంచుకోరా. నేను ఆంజనేయులుగా ఖాయం.

అందరూ బాదంపాలు ఎత్తండి. అంకుల్, మీరు కూడా. ఆ డబ్బాలో ఇవాళ కూడా పూతరేకులే, మా అమ్మ పంపింది. మూడు అనగానే అందరం కలిసి వీడికి వినపడేలా, మా వీధి గేటు దగ్గర అరిచినట్టు అరవాలి. ఆంటీ, మీరు మొదలుపెట్టండి. ఒకటి, రెండు, మూడు...

ఒరేయ్ ఆంజనేలూ!